వార్తల్లో పదం: సండే స్కేరీస్

ఆదివారం పొద్దువాలగానే మర్నాటి పని తలచుకుని మొదలయ్యే గుబులు, దాంతో రాత్రి నిద్ర పట్టకపోవడం: దీన్నే 'సండే స్కేరీస్' అంటున్నారు. ఇది జబ్బు పేరు కాదు, వాడుక మాట.

బెంగతో పాటు ఒంట్లోని గడియారమూ దీనికి కారణమే. అమలాపురంలో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు మామూలు రోజుల్లో రాత్రి 11కి పడుకుని ఉదయం 6కి లేస్తారనుకుందాం. నిద్రకు నడిమి వేళ రెండున్నర. సెలవు రోజుల్లో ఒంటిగంటకు పడుకుని 9కి లేస్తే అది ఐదవుతుంది. తేడా రెండున్నర గంటలు. ఇలాంటి తేడాకు జర్మనీ పరిశోధకుడు టిల్ రోనెబర్గ్ బృందం 2006లో 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టింది. ఆదివారం 11కి మంచమెక్కినా ఒంటికి ఇంకా నిద్రవేళ కాలేదు. ఆ మెలకువలోకి సోమవారం పనులన్నీ వచ్చి చేరతాయి.

అందుకే మార్పు ఆదివారం ఉదయమే మొదలవ్వాలి. లేచే వేళను మామూలు రోజులకన్నా గంటకు మించి జరపకుండా, లేవగానే కాలువ గట్టున ఎండ పొడలో కాసేపు నడవాలి. పడుకోబోయే ముందు 5 నిమిషాలు, చేయాల్సిన పనులను విడివిడిగా కాగితంపై రాయాలి. అమెరికాలో 57 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, చేసేసిన పనులు రాసినవారికన్నా ఇలా రాసినవారికి సగటున 9 నిమిషాల ముందే నిద్రపట్టింది. ఇరవై నిమిషాలైనా కన్ను మూతపడకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే తిరిగి పడుకోవాలి.

వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు ఇలా నిద్ర పట్టకపోతే అది నిద్రలేమి కావచ్చు. అప్పుడు డాక్టరును కలవాలి.