పాలసీకి మీ వయసెంత?

1990 జనవరి 10న పుట్టిన మనిషి 2025 ఆగస్టు 1న జీవిత బీమాకు దరఖాస్తు చేస్తే, ఒక కంపెనీ వయసు 35 అని రాసుకుంటుంది, ఇంకోటి 36 అంటుంది. ఇద్దరూ తప్పు కాదు. మొదటిది దాటిన పుట్టినరోజును లెక్కలోకి తీసుకుంది, అది లాస్ట్ బర్త్‌డే పద్ధతి. రెండోది ఏ పుట్టినరోజు దగ్గరగా ఉందో చూసింది. గడిచిన జనవరి కన్నా రాబోయే జనవరే దగ్గర కాబట్టి 36. ఇది నియరర్ బర్త్‌డే.

ఎల్‌ఐసీ ఎండోమెంట్ తరహా పాలసీల్లో చాలాకాలంగా కనిపించేది ఈ రెండోదే. అదే సంస్థ 2019లో తెచ్చిన టెక్ టర్మ్‌కు మాత్రం లాస్ట్ బర్త్‌డే పెట్టింది. కాబట్టి కంపెనీ పేరు చూసి ఊహించకుండా, బ్రోచర్‌లో అర్హతల పట్టికలో వయసు పక్కన ఏం రాశారో చూడాలి.

దగ్గరి పుట్టినరోజు లెక్కన ఆరు నెలలు దాటగానే వయసు ఒకటి పెరుగుతుందంటే, ఆ పద్ధతి ఖరీదైనదే అనిపిస్తుంది. అలా తేల్చేయలేం. గడిచిన పుట్టినరోజు లెక్కలో ‘35’ అని రాసినవాళ్ల అసలు వయసు సగటున ముప్పయ్యయిదున్నర. రెండో పద్ధతిలో సరిగ్గా 35. రేట్లు కట్టేవాళ్లకు ఈ అర సంవత్సరం తెలుసు, దాన్ని పట్టికలోనే కలిపేస్తారు. అందుకే రెండు కంపెనీల పట్టికల్లో 35 ఎదురుగా ఉన్న అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం పనికిరాదు. మీ పుట్టిన తేదీ ఇచ్చి, ఒకేరోజున రెండుచోట్లా కొటేషన్ తీసుకోవాలి.

పద్ధతి కన్నా తేదీ ఎక్కువ తేడా తెస్తుంది. మన ఉదాహరణలో దగ్గరి పుట్టినరోజు పాలసీ 35కి ఏడాదికి రూ.12,000, 36కి రూ.12,700 అనుకుందాం (ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే). జూన్‌లో కొనుంటే 35. ఆగస్టుకు 36. చేరిన వయసు రేటే చివరిదాకా సాగుతుంది కాబట్టి, పాతికేళ్లకు తేడా రూ.17,500.

దీనికో దారి ఉంది. అనుమతి ఉన్న పాలసీల్లో ప్రారంభ తేదీని అదే ఆర్థిక సంవత్సరంలో వెనక్కి జరుపుకోవచ్చు. ఏజెంట్లు బ్యాక్‌డేటింగ్ అంటారు. జూలై 1కి జరిపితే వయసు మళ్లీ 35. కానీ జూలై ప్రీమియం, దాదాపు రూ.1,000, కట్టాల్సిందే, ఆ నెలకు రక్షణ ఏమీ లేకుండానే. రెండేళ్లలోపే అది తిరిగొస్తుంది. డిసెంబర్‌లో కొంటూ జూలైకి జరిపితే మాత్రం ఐదు నెలల సొమ్ము, రూ.5,000. అది పూడటానికి ఏడేళ్లు పైనే, వడ్డీ వసూలు చేస్తే ఇంకా ఆలస్యం. అచ్చమైన టర్మ్ పాలసీకైతే ఇది నాకు నచ్చని బేరం. ఎండోమెంట్‌లో గడువు కూడా ముందే తీరి సొమ్ము చేతికొస్తుంది గనుక కొంత నయం.

గరిష్ఠ వయసు దగ్గర ఇంకో చిక్కు. పరిమితి ‘55, నియరర్ బర్త్‌డే’ అయితే 55 ఏళ్ల ఏడు నెలలున్న వ్యక్తి 56 కిందికి వస్తాడు. దరఖాస్తే తీసుకోరు.