వెలగని బల్బు ఏం చెప్పింది?

నిమ్మకాయలతో బల్బు వెలిగిస్తానని తొమ్మిదో తరగతి శ్రావణి సైన్స్ ఫెయిర్‌లో నిలబడిందనుకోండి. నాలుగు నిమ్మకాయలు, ఒక్కోదానికి ఒకవైపు జింకు పూత మేకు, మరోవైపు రాగితీగ. ఒక కాయ మేకును పక్క కాయ రాగితీగకు కలుపుకుంటూ పోయి, చివరి రెండు వైర్లనూ టార్చిలైటు బల్బుకు తగిలించింది. బల్బు వెలగలేదు.

"కాయలు చాల్లేదేమో టీచర్" అంది. అది ఊహ. ఊహ నిజమైతే కాయలు పెంచగానే బల్బు వెలగాలి. మరో రెండు కాయలు కలిపింది. ఫలితం లేదు. ఆ ఊహ వీగిపోయింది.

మల్టీమీటరు పెట్టి చూస్తే ఒక్కో కాయకు సుమారు 0.9 వోల్టులు, ఆరు కాయలకు కలిపి 5 దాటింది. 2.5 వోల్టుల బల్బుకు అది ఎక్కువే కదా!

"బల్బు తగిలించి కొలిచావా, తీసేసి కొలిచావా?" అడిగారు టీచర్.

"తీసేసే టీచర్."

బల్బు ఉంచి కొలిస్తే వోల్టేజీ దాదాపు సున్నాకు పడిపోయింది. అసలు కథ ఇక్కడే ఉంది. నిమ్మకాయ లోపల కరెంటుకు అడ్డు, అంటే రెసిస్టెన్స్, చాలా ఎక్కువ. అందుకే అది ఇవ్వగలిగే కరెంటు సుమారు ఒక మిల్లీయాంపియరు. కాయలను ఇలా వరుసగా కలిపితే వోల్టేజీతో పాటు ఆ అడ్డు కూడా పెరుగుతుంది, కాబట్టి కరెంటు పెరగదు. టార్చి బల్బుకేమో 200, 300 మిల్లీయాంపియర్లు కావాలి.

ఇప్పుడు శ్రావణి కొత్త ఊహ: లోటు వోల్టేజీది కాదు, కరెంటుది. ఇది నిజమైతే తక్కువ కరెంటుతో నడిచేది పనిచేయాలి. పరీక్షకు ముందే ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది. మళ్లీ మొదటి నాలుగు కాయలే తీసుకుని, బల్బు స్థానంలో ఎర్ర ఎల్‌ఈడీ పెట్టింది. దాని పొడుగు కాలును రాగివైపు కలపాలి, తిరగేస్తే వెలగదు. చేతులు అడ్డుపెట్టి చీకటి చేస్తే మసకగా ఎర్రటి వెలుగు కనిపించింది.

అక్కడితో ఆగలేదు. కాయలూ ఎల్‌ఈడీ అవే ఉంచి, మేకులూ తీగలూ తీసి వెడల్పాటి జింకు, రాగి రేకులు గుచ్చింది. రసానికి తగిలే లోహం ఎక్కువైంది, వెలుగు పెరిగింది. లోహం వైశాల్యం ఒక్కటే మార్చింది కాబట్టి కారణం అదేనని చెప్పగలిగింది. కాయలనూ మార్చి ఉంటే ఏ మార్పు పనిచేసిందో తేలేది కాదు.

మీరూ చేసి చూడండి. వీగిపోయిన ఊహనూ, దాన్ని పడగొట్టిన కొలతనూ రిపోర్టులోంచి కొట్టేయకండి. ఇంకోమాట, ఈ కాయల్లోకి జింకు కరుగుతుంది. ప్రయోగం అయ్యాక పారేయండి, పులిహోరకు వాడకండి.