సాయంత్రం సంగతి చెప్పారా?

ఆదివారం రాత్రి పదింటికి ఓ తండ్రి ఫోన్ తీసి స్కూలు బస్సు డ్రైవరుకి వాట్సాప్‌లో ఓ ముక్క పెడతాడు. ‘అన్నా, వారం రోజులు పాప బస్సుకి రాదు.’ డ్రైవరు అటు నుంచి బొటనవేలు గుర్తు పెడతాడు. పని అయిపోయిందని ఇద్దరూ అనుకుంటారు. కానీ ఆ ఒక్క ముక్కలో చెప్పకుండా మిగిలిపోయినవి చాలా ఉన్నాయి. వారం అంటే ఏ రోజు నుంచి ఏ రోజు దాకా? పాప బడికే రాదా, బస్సుకి మాత్రం రాదా? బడికి వస్తే సాయంత్రం ఎవరు తీసుకెళ్తారు?

ఒక ఇంటి సంగతే తీసుకుందాం. విజయవాడ పటమటలో ఉంటారనుకోండి. ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఆ వాసన పడదని రెండో తరగతి చదివే పాపని వారం పాటు భవానీపురంలో అమ్మమ్మ ఇంట్లో ఉంచారు. పొద్దున్న నాన్న బండి మీద బడి దగ్గర దింపుతాడు, సాయంత్రం తాతయ్య వచ్చి తీసుకెళ్తాడు. అంటే పాప రోజూ బడిలోనే ఉంటుంది, బస్సులో మాత్రం ఉండదు. తికమకలు ఎక్కువగా వచ్చేది ఇలాంటప్పుడే. జ్వరమొచ్చి పాప ఇంట్లోనే ఉండిపోతే అసలు చిక్కే లేదు. క్లాసు హాజరులోనూ ఉండదు, బస్సులోనూ ఉండదు.

పొద్దున్న పూట పొరపాటు జరిగినా పెద్ద నష్టం లేదు. బస్సు స్టాపులో ఒకటి రెండు నిమిషాలు ఆగుతుంది, ఆయా ఇంటికి ఫోన్ చేస్తుంది, రాదని తెలిసి బస్సు కదులుతుంది. సాయంత్రం అలా కాదు. బస్సు బడి ఆవరణ దాటే ముందు ఆయా జాబితా చూసి తలలు లెక్కపెడుతుంది. జాబితాలో పేరుండి సీట్లో పిల్ల లేకపోతే బస్సు కదలకూడదు. ఆయా దిగి క్లాసురూము, బాత్‌రూమ్‌లు, ఆటస్థలం వెతుకుతుంది. మిగతా పిల్లలంతా ఎండలో బస్సులో కూర్చుంటారు, వాళ్ల స్టాపుల్లో అమ్మలు గడియారం చూసుకుంటూ నిలబడతారు. ఆ సరికి మన పాప తాతయ్య స్కూటరు మీద దుర్గమ్మ గుడి దాటి హాయిగా వెళ్లిపోతూ ఉంటుంది.

దీనికి తిరగబడిన పొరపాటు ఇంకా ప్రమాదం. ఏడేళ్ల పిల్లకి సాయంత్రం గంట కొట్టగానే కాళ్లు తమంతట తామే బస్సు వరుసలోకి నడుస్తాయి. రోజూ ఉండే ఆయా ఆ రోజు సెలవు పెట్టింది. బదులు వచ్చిన ఆవిడకి పాత జాబితానే ఇచ్చారు. అందులో పాప పేరుంది, పాపా వరుసలో ఉంది, ఎక్కించేసింది. గేటు దగ్గర తాతయ్య ఎదురుచూస్తూనే ఉన్నాడు. పాప పటమట స్టాపులో దిగేసరికి ఇంట్లో రంగులు వేసేవాళ్లు తప్ప ఎవరూ లేరు.

అందుకే ఈ కబురు డ్రైవరు దగ్గర ఆగిపోకూడదు. ఏ రూటులో ఏ స్టాపు దగ్గర ఎవరు ఎక్కుతారు, ఎవరు దిగుతారు అన్న జాబితా ట్రాన్స్‌పోర్టు ఇన్‌ఛార్జి దగ్గర ఉంటుంది. డ్రైవరు మారవచ్చు, ఆయా మారవచ్చు, బండి పాడై వేరే బస్సు రావచ్చు. ఎవరు మారినా వాళ్ల చేతికి వచ్చేది ఆ జాబితాయే. పిల్లల్ని చూసుకునే మనిషి బస్సులో ఉండాలని, బస్సు మీద బడి పేరు, ఫోన్ నంబరు రాయాలని సుప్రీంకోర్టు 1997లోనే ఆదేశించింది. ఆ మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నా, చేతిలో ఉన్న కాగితం తప్పయితే చేయగలిగింది తక్కువ. డ్రైవరుకి చెప్పడం తప్పు కాదు, చెప్పాల్సిందే. కాకపోతే అది రెండో కబురు కావాలి.

ఇక ‘వారం’ అన్న మాట. మన భాషలో వారం అంటే ఏడు రోజులూ అవుతుంది, సోమవారం మంగళవారం లాంటి ఒక రోజూ అవుతుంది. బడికొచ్చేసరికి ఇంకో చిక్కు, శనివారం లెక్కలోకి వస్తుందా రాదా అని. కాబట్టి వారం అని వదిలేయకుండా మొదటి తేదీ, చివరి తేదీ, మళ్లీ బస్సెక్కే తేదీ మూడూ రాయడం మేలు. మన పటమట తండ్రి రాయాల్సింది ఇంతే:

‘నమస్తే సార్. 2వ తరగతి బి సెక్షన్, రూటు 7, పటమట స్టాపులో ఎక్కే పాప నాన్నని. 17వ తేదీ సోమవారం నుంచి 22వ తేదీ శనివారం దాకా పాప పొద్దునా సాయంత్రమూ బస్సుకి రాదు. బడికి మాత్రం రోజూ వస్తుంది. పొద్దున్న నేను దింపుతాను. సాయంత్రం వాళ్ల తాతయ్య గేటు దగ్గర తీసుకెళ్తారు. ఆయన ఫొటో, ఫోన్ నంబరు పంపిస్తున్నాను. 24వ తేదీ సోమవారం పొద్దున్న నుంచి మామూలుగా పటమటలోనే ఎక్కుతుంది. అందినట్టు ఒక మాట పెట్టగలరు.’

దీనికి పాప పేరు, అడ్మిషన్ నంబరు చేర్చాలి. ఒకే రూటులో ఒకే పేరుతో ఇద్దరు పిల్లలుండటం మనకి కొత్తేమీ కాదు. అన్నో తమ్ముడో అదే బస్సులో వస్తుంటే వాళ్ల సంగతీ విడిగా చెప్పాలి. లేకపోతే ఆ ఇంటి పిల్లలిద్దరూ రారని అనుకుంటారు. ఈ కబురు తల్లిదండ్రులందరూ ఉన్న గ్రూపులో కాకుండా ఇన్‌ఛార్జికే విడిగా పంపాలి. పిల్లని ఎవరు తీసుకెళ్తారో, ఆయన ఎలా ఉంటారో ఊరందరికీ చెప్పే సంగతి కాదు. పైగా గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య అది కొట్టుకుపోతుంది.

జవాబు రాకపోతే పొద్దున్నే ఒకసారి ఫోన్ చేయాలి. తెలిసిన ఇన్‌ఛార్జి అయితే మొదట అడిగేది ఇదే: “సాయంత్రం కూడా రాదా అండీ?” ఆ ప్రశ్న ఆయన అడిగాడంటే జాబితా ముందు పెట్టుకున్నాడని అర్థం. అడగకుండా “సరే సరే” అంటే మనమే ఇంకోసారి చెప్పాలి. క్లాసు టీచరుకి డైరీలో రెండు ముక్కలు రాయాలి, ఎందుకంటే గంట కొట్టాక పిల్లల్ని బస్సు వరుసల్లోకి పంపేది టీచరే. పాపకీ రోజూ పొద్దున్న దింపేటప్పుడు చెప్పాలి, ‘ఇవాళ తాతయ్య వస్తారు, బస్సు వరుసలో నిలబడొద్దు’ అని. సోమవారం చెప్పింది గురువారానికి గుర్తుండదు.

బస్సు ఫీజులో ఈ వారం తగ్గిస్తారా అంటే సాధారణంగా తగ్గించరు. మనం ఎక్కకపోయినా ఆ సీటు మనకే ఉంచుతారు కదా.

చివరి చిక్కు వారం అయ్యాక వస్తుంది. ఆ స్టాపులో ఎక్కేది మన పాప ఒక్కతే అయితే, రానన్నాళ్లూ డ్రైవరు ఆ సందులోకి తిప్పకుండా మెయిన్ రోడ్డు మీదుగానే పోతాడు. తర్వాతి స్టాపులకి బస్సు నాలుగు నిమిషాలు ముందే అందుతుంది. ఆరు రోజులు అలా పోయాక ఏడో రోజూ అలాగే పోవడం చేతికి అలవాటైపోతుంది. పాప కొత్తగా ఉతికిన యూనిఫాంతో 7.40కి స్టాపులో నిలబడితే బస్సు అవతలి రోడ్డు మీద వెళ్లిపోతుంది. అందుకని 23వ తేదీ ఆదివారం సాయంత్రం ఇన్‌ఛార్జికీ డ్రైవరుకీ ఇంకో ముక్క పెట్టాలి. ‘రేపు పొద్దున్న నుంచి పాప వస్తుంది సార్, 7.40కి పటమట స్టాపులో ఉంటుంది.’