పెంచితే ఫోటో ఎందుకు అలుక్కుపోతుంది?

ఇంట్లో పెద్దాయన పోయారు. ఆయనదంటూ విడిగా తీయించిన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరి పెళ్ళిలోనో తీసిన గ్రూపు ఫోటో మాత్రం ఫోనుల్లో తిరుగుతోంది. రెండో వరసలో తెల్లచొక్కా వేసుకుని, ఓ నల్లటి తలుపు ముందు నిలబడి ఉన్నారాయన. ఆ ముఖం వరకు కత్తిరించి, 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల ఎత్తుకి పెంచి పటం కట్టమని స్టూడియోకి ఇస్తారు. ఫోనులో చూసినప్పుడు మీసం, కళ్ళజోడు చక్కగా తెలిసిన ముఖం ప్రింటులో మైనం రాసినట్టు నున్నగా, అంచులన్నీ అలుక్కుపోయి వస్తుంది. స్టూడియో అతనికి పని రాదనో, మిషను మంచిది కాదనో అనుకుంటారు. నిజానికి అతను చేసిన తప్పేమీ లేదు. ఎడిటర్‌కి అప్పగించిన పనే అలాంటిది.

ఆ పనెంతో ముందు లెక్క వేసుకుందాం. కత్తిరించిన ముఖం అడ్డంగా 200, నిలువుగా 250 పిక్సెళ్ళు ఉందనుకోండి. ఫోనులో చేతులు మారిన గ్రూపు ఫోటోలో ఒక్క ముఖానికి అంతకంటే దక్కడం కష్టమే. మొత్తం 50 వేల పిక్సెళ్ళు. దగ్గర పెట్టుకుని చూసే ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు కావాలంటారు. అంటే 8 అంగుళాలకి 2400, 10 అంగుళాలకి 3000, వెరసి 72 లక్షలు. చేతిలో ఉన్న ఒక్కో పిక్సెల్‌కి బదులు 144 పిక్సెళ్ళు కావాలి. వాటిలో ఒకటి మనం ఇచ్చాం అనుకున్నా, మిగతా 143 కెమెరా ఎన్నడూ చూడనివి. వాటికి ఏ రంగు వేయాలో ఎడిటరే తేల్చుకోవాలి. దాని దగ్గర ఉన్న ఆధారమల్లా చుట్టుపక్కల పిక్సెళ్ళే.

ఎలా తేల్చుకుంటుందో చూడాలంటే ఒక్క వరస చాలు. రంగు సంగతి పక్కన పెట్టి వెలుగు మాత్రమే తీసుకుందాం. నలుపు 0, తెలుపు 255. నల్లటి తలుపు విలువ 40, తెల్లచొక్కా భుజం విలువ 200. భుజం అంచు దగ్గర పిక్సెళ్ళు ఇలా ఉన్నాయి:

```
40  40  40  200  200  200
```

40 పక్కనే 200. ఇంతకంటే పదునైన అంచు ఉండదు. దీన్ని నాలుగు రెట్లు పెంచమందాం.

అన్నిటికంటే తేలిక పద్ధతి ఉన్నదాన్నే నాలుగుసార్లు రాయడం. ఎడిటర్లలో దీన్ని Nearest Neighbor అంటారు. నాలుగు నలభైలు, ఆ పక్కనే నాలుగు రెండు వందలు. అంచు చెదరలేదు, మసక కూడా లేదు. కానీ భుజం నిటారు గీత కాదుగా, ఏటవాలుగా దిగుతుంది. అక్కడ మెట్లు మెట్లుగా పడుతుంది. ముఖమంతా చదరపు గళ్ళు కనిపిస్తాయి. పాత వీడియో గేము బొమ్మలకి ఇదే సరైన పద్ధతి. మనిషి ముఖానికి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అందుకని రెండు పిక్సెళ్ళ మధ్య విలువను కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయే పద్ధతి వచ్చింది. దాని పేరు Bilinear. తలుపు చివరి పిక్సెల్ కేంద్రానికి, చొక్కా మొదటి పిక్సెల్ కేంద్రానికి మధ్య కొత్త పిక్సెళ్ళు నాలుగు పడతాయి. వాటి విలువలు:

```
40  60  100  140  180  200
```

మసక పుట్టింది ఇక్కడే. ఈ 60, 100, 140, 180 తలుపువీ కావు, చొక్కావీ కావు. ఆ పెళ్ళిపందిట్లో అక్కడ అలాంటి బూడిద రంగు వస్తువేదీ లేదు. రెండిటి మధ్య సగటు తీస్తే వచ్చిన అంకెలవి. మన పటానికి పెంచేది నాలుగు రెట్లు కాదు, పన్నెండు రెట్లు. అప్పుడు ఈ మధ్య పట్టీలో పన్నెండు పిక్సెళ్ళుంటాయి. అంగుళానికి 300 చొప్పున ప్రింటు తీస్తే దాని వెడల్పు దాదాపు ఒక మిల్లీమీటరు. కళ్ళజోడు అంచు, పెదవి గీత, కనురెప్ప అన్నీ ఆ వెడల్పున పరుచుకుంటాయి. కంటికి ఫోకస్ తప్పిన ఫోటోలా కనిపించేది అందుకే.

మధ్యలో ఎక్కడో ఒకచోట 40 నుంచి 200కి ఒక్కసారిగా మారిపోమని ఎడిటర్‌కి చెప్పకూడదా? చెప్పొచ్చు, కానీ ఎక్కడ మారాలి? పన్నెండు కొత్త పిక్సెళ్ళలో మూడో దాని దగ్గరా, తొమ్మిదో దాని దగ్గరా? అసలు చిక్కంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

కెమెరాలో ఒక్కో పిక్సెల్ తన మీద పడిన వెలుగునంతా కలిపి ఒకే అంకెగా మారుస్తుంది. అంచు సరిగ్గా ఒక పిక్సెల్ మధ్యగా పోయిందనుకోండి. సగం తలుపు, సగం చొక్కా కలిసి 120 అని నమోదవుతుంది. అక్కడ నిజంగానే 120 విలువున్న బూడిద రంగు గుడ్డ ఉన్నా 120 అనే నమోదవుతుంది. సన్నటి నలుపు తెలుపు చారలు సమానంగా ఉన్నా అదే అంకె. క్లాసు సగటు 60 మార్కులని చెబితే ఏ పిల్లవాడికి ఎన్ని వచ్చాయో చెప్పలేం, ఇదీ అంతే. ఒకే అంకెకి దారితీసే దృశ్యాలు లెక్కలేనన్ని. వెనక్కి వెళ్ళే దారి లేదు. ఫోటోని చిన్నది చేసినప్పుడల్లా ఇదే జరుగుతుంది. ఫోనులో పంపినప్పుడు యాప్ ఫోటోని కుదిస్తే, పక్కపక్క పిక్సెళ్ళు సగటులోకి కలిసిపోతాయి. పెంచినప్పుడు కనిపించే మసక, పెంచడంలో పోయిన వివరం కాదు. అంతకుముందే పోయింది, ఇప్పుడు బయటపడింది.

దీనికి సిద్ధాంతం కూడా ఉంది. హ్యారీ నైక్విస్ట్ 1928లో, క్లాడ్ షానన్ 1949లో రాసిన పత్రాలతో స్థిరపడిన నియమమది. ఒక చారల జతను, అంటే ఒక నలుపూ ఒక తెలుపూ, పట్టుకోవాలంటే కనీసం రెండు నమూనాలు కావాలి. పెద్దాయన మీసంలో ఒక్కో వెంట్రుక పిక్సెల్ వెడల్పులో పదో వంతు ఉంటే, వెంట్రుకలు ఆ ఫైల్లో లేనే లేవు. మీసం మొత్తానికి ఒక బూడిద మచ్చ ఉంది. దాన్ని పన్నెండు రెట్లు పెంచితే పన్నెండు రెట్ల బూడిద మచ్చే వస్తుంది.

మరి ఎడిటర్లలో Bicubic అని ఇంకో పద్ధతి ఉంటుందిగా, అది మెరుగు కాదా అంటారేమో. కొంత మెరుగే. అది రెండు పిక్సెళ్ళతో ఆగక, వరసలో నాలుగింటిని చూసి ఒక వంపు గీస్తుంది. రాబర్ట్ కీస్ 1981లో రాసిన పత్రంలోని సూత్రంతో మన వరసనే నాలుగు రెట్లు పెంచితే అంచుకి అటూ ఇటూ వచ్చే విలువలివి:

```
39  33  28  32  53  95  145  187  208  212  207  201
```

మధ్యలో 53 నుంచి 187కి ఎక్కడం ఇందాకటి కంటే నిటారుగా ఉంది. అందుకే అంచు కాస్త పదునుగా తోస్తుంది. కానీ ఎడమవైపు 28 చూడండి. మనం ఇచ్చిన వరసలో 40కి తక్కువ ఎక్కడా లేదు. కుడివైపు 212 కూడా అంతే, మనం ఇచ్చింది 200 దాటలేదు. వంపు తిరిగేటప్పుడు గీత కొంచెం కిందికి దిగి ఎక్కుతుంది, పైకి దాటి దిగుతుంది. ప్రింటులో ఇది భుజం చుట్టూ తలుపు మీద ఒక నల్లటి గీతగా, చొక్కా అంచున ఒక తెల్లటి మెరుపుగా కనిపిస్తుంది. పెంచిన ఫోటోల్లో మనిషి చుట్టూ సన్నటి వలయం చూశారంటే అది ఇదే. ఆ పైన Sharpen నొక్కితే వలయం ఇంకా ముదురుతుంది. ఆ బటన్ చేసేది అంచుకి రెండు పక్కలా తేడా పెంచడమే, వెంట్రుకలు మొలిపించడం కాదు. కొద్దిగా వాడితే కన్ను మోసపోతుంది. ఎక్కువ వాడితే ముఖం ముడతలు పడుతుంది, పెద్దాయనకి పదేళ్ళు మీద పడతాయి.

ఫోనులో తిరిగిన ఫోటోకి ఇంకో తంటా ఉంది. JPEG ఫైలు చిత్రాన్ని 8 పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి, ఒక్కో చదరంలో సన్నటి వివరాన్ని చాలావరకు వదిలేసి బరువు తగ్గించుకుంటుంది. పన్నెండు రెట్లు పెంచితే ఆ చదరం ప్రింటులో దాదాపు 8 మిల్లీమీటర్లు. బుగ్గ మీద లీలగా గళ్ళు కనిపిస్తే కారణం అదే. దానికి తోడు చాలా JPEGల్లో రంగుల వివరం వెలుగు వివరంలో అడ్డంగా సగం, నిలువుగా సగం మాత్రమే దాస్తారు. కుంకుమ బొట్టు రంగు నుదుటి మీదికి కారినట్టు వచ్చేది అందువల్లే.

ఇదంతా ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. మీ ఫోనుతో తీసిన పెద్ద ఫోటో ఒకటి తీసుకుని, GIMP వంటి ఎడిటర్‌లో Scale Image ద్వారా వెడల్పు 200 పిక్సెళ్ళకి కుదించి దాచండి. దాన్నే తెరిచి మళ్ళీ పాత కొలతకి పెంచండి. Interpolation దగ్గర ఒకసారి None, ఒకసారి Linear, ఒకసారి Cubic పెట్టి అసలు ఫోటో పక్కన చూడండి. గళ్ళు, మసక, వలయం వరసగా కనిపిస్తాయి. అసలు ఫోటోలోని కనురెప్ప వెంట్రుకలు మూడింటిలోనూ ఉండవు. కొందరు పెంచకుండా Resolution దగ్గర 72 తీసి 300 అని రాస్తారు. పిక్సెళ్ళ సంఖ్య మారనంత వరకు అది ప్రింటు ఎంత పెద్దదిగా రావాలో చెప్పే చీటీ మాత్రమే, బొమ్మలో ఒక్క చుక్క కూడా కదలదు.

కాబట్టి పటం కట్టించే ముందు వెతకాల్సింది మంచి ఎడిటర్‌ని కాదు, మంచి ఫైలుని. ఆ ఫోటో మొదట తీసినవాళ్ళని అడగండి. పంపేటప్పుడు ఫోటోగా కాక Document గా పంపమనండి, అప్పుడు యాప్ దాన్ని కుదించదు. కాగితం మీద ప్రింటు ఉంటే మరీ మంచిది. దాన్ని ఫోనుతో ఫోటో తీయకుండా స్కానర్ మీద పెట్టించండి. ప్రింటులో ముఖం ఒక సెంటీమీటరు వెడల్పే ఉన్నా, అంగుళానికి 1200 చొప్పున స్కాన్ చేస్తే 470 పిక్సెళ్ళు దక్కుతాయి. కాగితంలో ఉన్న వివరం అయిపోయాక మాత్రం స్కానర్‌ని ఎంత పెంచినా కాగితపు గరుకే వస్తుంది.

ఏదీ దొరక్కపోతే, ఉన్న 200 పిక్సెళ్ళతోనే పటం కట్టించాల్సి వస్తే, కొలత తగ్గించండి. రెండున్నర అంగుళాల వెడల్పున ఆ ముఖం చూడదగ్గట్టే ఉంటుంది. లేదా పటాన్ని ఎత్తుగా, దూరంగా తగిలించండి. 8 అంగుళాల వెడల్పులో 200 పిక్సెళ్ళంటే ఒక్కోటి ఒక మిల్లీమీటరు. మామూలు చూపున్న కంటికి మిల్లీమీటరు చుక్కలు సుమారు మూడున్నర మీటర్ల దూరం నుంచి విడివిడిగా తెలియవు. చౌరస్తాల్లో ఫ్లెక్సీల మీద ముఖాలు కింద నిలబడి చూస్తే బాగానే ఉండటానికి, దించి నేల మీద పరిస్తే గుర్తుపట్టలేనట్టుండటానికి కారణం ఈ దూరమే.