ఒకే ఉపగ్రహంలో మూడు రకాల ఎక్స్-రే కళ్ళు

మన బెంగళూరులో కూర్చి, 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి పంపిన ఆస్ట్రోశాట్ గురించి వినే ఉంటారు. భౌతికశాస్త్రం చదివే నాకు అందులో నచ్చిన విషయం వేరు. ఎక్స్-రేలను పట్టే పరికరాలు మూడు జాతులని మా పుస్తకాల్లో ఉంటుంది: వాయువు నిండినవి, మెరుపు స్ఫటికాలు, సెమీకండక్టర్లు. ఆ మూడూ ఈ ఒక్క ఉపగ్రహంలోనే ఉన్నాయి.

డిటెక్టర్‌ను రెండు ప్రశ్నలు అడగాలి. వచ్చిన కిరణాల్లో ఎన్నింటిని పట్టావు? ఇది సామర్థ్యం. పట్టినదాని శక్తిని ఎంత కచ్చితంగా చెప్పగలవు? ఇది శక్తి విభేదనం. మొదటిదాంట్లో గెలిచినది రెండోదాంట్లో గెలవాలని లేదు.

రెండో ప్రశ్నకు చినుకుల లెక్క చాలు. డాబా మీద ఒకే సైజు చెంబులు రెండు పెట్టండి. తుంపర పడితే ఒకదాంట్లో 9, ఇంకోదాంట్లో 14 చినుకులు పడొచ్చు. వేలల్లో పడితే రెండూ దాదాపు సమానం. డిటెక్టర్ కూడా చినుకులే లెక్కపెడుతుంది. కిరణం లోపల ఎన్ని ఎలక్ట్రాన్లను విడిపించిందో చూసి శక్తిని చెబుతుంది. ఎక్కువ విడిపిస్తే తడబాటు తక్కువ.

అమెరీషియం-241 నుంచి వచ్చే 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల కిరణాన్నే తీసుకుందాం. జినాన్ వాయువులో ఒక ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సగటున 22 ఎలక్ట్రాన్ వోల్ట్లు కావాలి, అంటే సుమారు 2,700 ఎలక్ట్రాన్లు. కాడ్మియం జింక్ టెల్యురైడ్ అనే సెమీకండక్టర్‌లో 4.6 చాలు, కాబట్టి సుమారు 13,000. సీజియం అయొడైడ్ స్ఫటికం దారి వేరు. అది ముందు మెరుస్తుంది, ఆ వెలుగును ఇంకో గొట్టం ఎలక్ట్రాన్లుగా మార్చాలి. మూడు వేలకు పైగా కాంతి కణాలు పుట్టినా, చివరికి చేతికొచ్చేవి కొన్ని వందలే. కాగితం మీద సెమీకండక్టర్‌దే గెలుపు, స్ఫటికం ఆఖరు.

అయితే కాగితం వేరు, పరికరం వేరు. ఆస్ట్రోశాట్ సెమీకండక్టర్‌కు 100 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ల దగ్గర విభేదనం సుమారు 6 శాతం. ఎలక్ట్రాన్ల సంఖ్య లెక్కన ఒక శాతం లోపే ఉండాలి. ఎందుకిలా? ఎలక్ట్రాన్ వెళ్ళిపోయాక మిగిలే ఖాళీని 'హోల్' అంటారు. ఈ పదార్థంలో హోల్స్ మెల్లగా నడుస్తాయి, దారిలోనే కొన్ని చిక్కుకుపోతాయి. అప్పుడు సంకేతం ఉండవలసినదానికన్నా చిన్నగా వస్తుంది. గ్రాఫులో శిఖరానికి ఎడమవైపు తోక కనిపిస్తే అది దీని గుర్తు. ఎలక్ట్రానిక్స్ రొద కూడా దీనికి తోడవుతుంది. వాయు డిటెక్టర్‌కు 22 దగ్గర సుమారు 12 శాతం. రెండు అంకెలూ వేర్వేరు శక్తుల దగ్గరివి కాబట్టి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పకూడదు. పరీక్షల్లో చాలామంది ఇక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

మరి అంత మంచి సెమీకండక్టర్ ఉండగా వాయువు ఎందుకు? విస్తీర్ణం కోసం. మంచి స్ఫటికాలు పెద్దవిగా పెరగవు. అందుకే నాలుగు సెంటీమీటర్ల చదరపు ముక్కలు 64 పరిచారు. అంతా కలిపినా దాదాపు వెయ్యి చదరపు సెంటీమీటర్లే. వాయువుకైతే పెద్ద పెట్టె చేసి నింపితే చాలు. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చేసిన మూడు పెట్టెలూ కలిపి తక్కువ శక్తుల దగ్గర సుమారు 6,000 చదరపు సెంటీమీటర్ల పని చేసేవి. నిమిషానికోసారి మారే నక్షత్రాన్ని చూడాలంటే ఇదే కావాలి. కానీ వాయువు పలచన. రెండు వాతావరణాల పీడనంతో 15 సెంటీమీటర్ల లోతు ఉన్నా, నా లెక్క ప్రకారం 60 దగ్గర మూడింట రెండు వంతులే ఆగుతాయి, 100 దగ్గర నాలుగో వంతు. 5 మిల్లీమీటర్ల సెమీకండక్టర్ పలక రెండు చోట్లా దాదాపు అన్నింటినీ ఆపేస్తుంది.

ఇక స్ఫటికం? దానికి శక్తి కొలిచే పని ఇవ్వలేదు. సెమీకండక్టర్ కింద మందంగా పరిచి కాపలా పెట్టారు. రెండింటిలోనూ ఒకేసారి మెరుపు వస్తే, అది నక్షత్రం నుంచి వచ్చినది కాదు, చుట్టూ తిరిగే ఏదో కణం అని తీసేస్తారు. కాపలావాడికి కచ్చితత్వం అక్కర్లేదు, కన్ను మూయకుండా ఉంటే చాలు. ఆ పనికి దీన్ని మించినది లేదని నా అభిప్రాయం.

వాయువుకు ఇంకో బలహీనత ఉంది, అది కారిపోగలదు. ప్రయోగం తర్వాత మూడు పెట్టెల్లో ఒకదాంట్లో అదే జరిగింది. పీడనం తగ్గితే ఎలక్ట్రాన్లు తగలకుండా ఎక్కువ దూరం పరుగెత్తి, అదే వోల్టేజికి ఎక్కువ ఎలక్ట్రాన్లను పుట్టిస్తాయి. అందుకని అదే అమెరీషియం శిఖరం రోజురోజుకీ కుడివైపు జరుగుతుంది. సామర్థ్యం కూడా పడిపోతుంది, ఎందుకంటే ఆపే వాయువే తగ్గింది. వోల్టేజి తగ్గిస్తూ కొంతకాలం నడిపి, 2018లో ఆ పెట్టెను ఆపేశారు.