తొలి ఇరవై సెకన్లు

ప్లేస్‌మెంట్ల కాలంలో జీడీ అనగానే విద్యార్థులు టాపిక్ గురించే బెంగపడతారు. నిజానికి చాలామంది తడబడేది అంతకు ముందే, “ఒక్కొక్కరూ క్లుప్తంగా పరిచయం చేసుకోండి” అని ప్యానెల్ అన్నప్పుడు.

లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. గుండ్రంగా కూర్చున్నది పదిమంది, ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు అనుకుందాం. తలా ఒక నిమిషం తీసుకుంటే పది నిమిషాలు పరిచయాలకే పోతాయి. చర్చకు మిగిలేది ఐదు. అదే తలా ఇరవై సెకన్లయితే మూడున్నర నిమిషాల లోపే ముగుస్తుంది. తొందరపడకుండా మాట్లాడితే ఇరవై సెకన్లలో నలభై, యాభై ఇంగ్లిష్ మాటలు పడతాయి. పేరు, చదువు, టాపిక్‌కి దగ్గరగా ఉన్న ఒక్క అనుభవం చెప్పడానికి అవి చాలు.

చిక్కంతా ఎక్కడొస్తుందంటే, ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన పరిచయాన్ని తెచ్చి ఇక్కడ ఒప్పజెప్పడంలో. నాన్నగారి ఉద్యోగం, పదో తరగతి మార్కులు, హాబీలు, బలాలు, బలహీనతలు... తోటివాళ్లు అందుకుని మాట్లాడటానికి వీటిలో ఒక్క ముక్కా పనికిరాదు. ఇంటర్వ్యూలో వినేది ప్యానెల్. జీడీలో వినాల్సింది పక్కనున్న తొమ్మిదిమంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. టాపిక్ ముందే చెప్పారు: ఉద్యోగులకు ఇంటి నుంచి పని కొనసాగించాలా? సౌమ్య అనే అమ్మాయి వంతు వచ్చింది. “నమస్తే, నా పేరు సౌమ్య. ఈసీఈ ఆఖరి సంవత్సరం. వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఇంటి నుంచే చేశాను” అని ఆపేసింది. అందరి పరిచయాలూ అయ్యాయి. “ఇక మొదలుపెట్టండి” అన్నారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు సౌమ్యే అందుకుంది: “నాకు రోజూ రెండు గంటల బస్సు ప్రయాణం తప్పింది. కానీ చిన్న సందేహం తీరాలన్నా సాయంత్రం దాకా ఆగాల్సి వచ్చేది. ఆఫీసుకు వెళ్లి చేసినవాళ్లకు ఇది ఎలా ఉండేది? కంపెనీ వైపు నుంచి చూస్తే ఏమనిపిస్తుంది?”

ఇందులో ధైర్యం గొంతు పెంచడంలో లేదు, స్వయంగా చూసిన సంగతిని నీళ్లు నమలకుండా చెప్పడంలో ఉంది. లాభం, నష్టం రెండూ చెప్పింది గానీ తీర్పు చెప్పలేదు. “కాబట్టి ఇంటి నుంచి పని వద్దు” అని ముగించి ఉంటే మిగతావాళ్లకు అవుననడం, కాదనడం తప్ప వేరే దారి ఉండేది కాదు. ప్రశ్నను కూడా ఒక్కరి మీదికి విసరలేదు. మౌనంగా ఉన్న అబ్బాయిని వేలు చూపించి “మీరు చెప్పండి” అనడం పైకి మర్యాదలాగే కనిపిస్తుంది, కానీ ఆ అబ్బాయికది పరీక్షలో పరీక్ష. “మనం తలా ఒక నిమిషం మాట్లాడదాం” అని నియమాలు పెట్టడం ఇంకా ఇబ్బంది. ఆ అధికారం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు మరి.

అడిగాక ఆగడం అసలు కష్టం. రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం భరించలేక చాలామంది మళ్లీ తామే అందుకుంటారు. అలా చేస్తే ఇచ్చిన చోటు వెనక్కి లాక్కున్నట్టే. ఆరంభం కుదిరిందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. తర్వాతి వ్యక్తి సౌమ్య చెప్పిన సంగతిని పట్టుకుని మాట్లాడితే కుదిరినట్టు. దాన్ని వదిలేసి, ప్యానెల్ వైపు చూస్తూ తను సిద్ధం చేసుకున్న ప్రసంగం మొదలుపెడితే కుదరనట్టు. అలాంటప్పుడు అలగక, ఆ కొత్త మాటకు తన అనుభవాన్ని జోడించడమే ఉన్న దారి.

పరిచయాల దగ్గర మరో గండం ఉంది. మాల్కం బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ప్రచురించిన ప్రయోగంలో, వరుసగా మాట్లాడేవాళ్లకు తమ వంతుకు కాస్త ముందు వినబడినవి సరిగా గుర్తుండవని తేలింది. తన వంతు మీద ధ్యాస ఉన్నవాడికి పక్కవాడి పేరు చెవికెక్కదు. అందుకే పరిచయం ముందే ఖాయం చేసుకుంటే చెవులు ఖాళీగా ఉంటాయి. చర్చలో “కిరణ్ చెప్పినట్టు” అనగలిగేది వాళ్లే.

అన్నిచోట్లా ఒకే పద్ధతి నడవదు. సైన్యంలో అధికారుల ఎంపికకు జరిగే ఎస్సెస్బీలో అభ్యర్థులను చెస్ట్ నంబర్లతోనే గుర్తిస్తారు. బొమ్మ చూసి కథ చెప్పే పరీక్షలో ఎవరి కథ వాళ్లు సుమారు ఒక నిమిషంలో చెప్పాకే చర్చ మొదలవుతుంది. కాబట్టి అక్కడ చదువు వివరాలకు చోటు లేదు. క్యాంపస్‌లోనూ ప్యానెల్ పరిచయం అడగకుండా నేరుగా టాపిక్ ఇస్తే పేరు ఒక్కటి చెప్పి విషయంలోకి వెళ్లడమే మేలు.

ఈ ఏడాది జీడీకి కూర్చోబోయేవాళ్లు తమ పరిచయాన్ని ఫోన్‌లో ఒకసారి రికార్డు చేసుకుని వినండి. ఇరవై ఐదు సెకన్లు దాటితే ముందుగా తీసేయాల్సినవి మార్కుల శాతాలు.