నీడ ఉంటేనే నగ

పాత ఫొటోలో బోసిగా ఉన్న అమ్మమ్మ మెడకు కాసులపేరు వేయమని స్టూడియోలకు వచ్చేవారుంటారు. నగ బొమ్మను తెచ్చి అతికించడం తేలికే. అది చర్మానికి ఆనినట్టు కనిపించడంలోనే పనితనమంతా ఉంది.

ముందు వెలుగు ఎటునుంచి పడిందో పట్టుకోవాలి. కంట్లో మెరిసే తెల్లచుక్క, ముక్కు నీడ ఆ దిక్కు చెప్పేస్తాయి. వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తే కాసుల నీడ కుడివైపు కిందికి వాలాలి. ఫొటోషాప్‌లో నగ ఉన్న లేయర్ కింద ఇంకో లేయర్ తెరిచి, మల్టిప్లై మోడ్‌లో ఆ నీడ గీస్తారు. నల్లరంగు వాడితే మెడకు మసి అంటినట్టుంటుంది. అదే ఫొటోలో గడ్డం కింది నీడనుంచి ఎర్రటి గోధుమరంగు తీసుకోవడం మేలు. కాసు చర్మాన్ని తాకేచోట నీడ సన్నగా, ముదురుగా ఉండాలి. కాస్త లేచినచోట వెడల్పుగా, పలచగా చెదరాలి.

కళ్లజోడు తీసేయడం ఇంతకన్నా కష్టం. ఫ్రేమ్ చెరిపేసినా చెంప మీద దాని నీడగీత మిగిలిపోతుంది. మైనస్ పవర్ అద్దంలోంచి చెంప అంచు లోపలికి జరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి, దాన్ని బయటి గీతతో కలిపి సరిదిద్దాలి. ఇక కిటికీ మెరుపు కన్నును పూర్తిగా కప్పేస్తే అక్కడ బాగుచేయడానికి ఏమీ మిగలదు. అప్పుడే తీసిన మరో ఫొటోనుంచి ఆ కన్ను తెచ్చుకోవాల్సిందే.